డ్రాయింగుల సవరణ, పంపిణీ, రద్దు: కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ నడక వంతెనల ఉదంతం (1981)

వ్యాససంగ్రహం:
భారీ నిర్మాణాలలో వేలకొద్దీ డ్రాయింగులు చేతులు మారుతుంటాయి. వాటిలో ఏది అమలులో ఉన్నది, ఏది రద్దయినది అని నిర్ణయించే పద్ధతిని డాక్యుమెంట్ కంట్రోల్ అంటారు. 1981లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో కూలిన హోటల్ నడక వంతెనల చరిత్ర ఆధారంగా ఈ పద్ధతి పనితీరును, దాని పరిమితిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: డ్రాయింగు, రివిజన్, ట్రాన్స్‌మిటల్ రిజిస్టరు, షాప్ డ్రాయింగు, హయత్ రీజెన్సీ.

1. ప్రవేశిక:
1981 జూలై 17 సాయంత్రం కాన్సాస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్ ప్రాంగణంలో నృత్య కార్యక్రమం జరుగుతుండగా, నాలుగవ అంతస్తు నడక వంతెన తెగి, దాని కింద వేలాడుతున్న రెండవ అంతస్తు వంతెనతో సహా జనం మీద పడింది. 114 మంది మరణించారు. 200 మందికి పైగా గాయపడ్డారు. హోటల్ ప్రారంభమై అప్పటికి ఏడాది మాత్రమే అయింది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ (నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్) దర్యాప్తు జరిపి 1982లో నివేదిక వెలువరించింది. ఒప్పంద డ్రాయింగులో ఉన్న అమరిక ఒకటి, కట్టిన అమరిక మరొకటి అని ఆ దర్యాప్తు తేల్చింది.

2. రెండు డ్రాయింగులు:
రెండు వంతెనలూ ప్రాంగణం పైకప్పు నుండి ఇనుప కడ్డీలతో వేలాడాలి. స్ట్రక్చరల్ ఇంజనీర్ల డ్రాయింగు ప్రకారం ఒకే పొడవైన కడ్డీ పైకప్పు నుండి దిగి, నాలుగవ అంతస్తు దూలం గుండా పోయి, రెండవ అంతస్తు దూలాన్ని కూడా మోయాలి. రెండు దూలాల కిందా నట్టు బిగించాలి. అలా చేయాలంటే నాలుగవ అంతస్తు నట్టును పైకి ఎక్కించడానికి ఆ దూలం కింది కడ్డీ పొడవునా మరలు కోయవలసి ఉంటుంది. కడ్డీలను ఎత్తి అమర్చేటప్పుడు ఆ మరలు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. అందువల్ల ఇనుప పని చేసే సంస్థ ఒక కడ్డీకి బదులు రెండు కడ్డీలు ప్రతిపాదించింది. ఒకటి పైకప్పు నుండి నాలుగవ అంతస్తు దూలం వరకు, రెండవది ఆ దూలం నుండి రెండవ అంతస్తు వరకు. చూపునకు ఇది స్వల్పమైన మార్పు. కాని మొదటి అమరికలో నాలుగవ అంతస్తు దూలం కింది నట్టు తన వంతెన బరువును మాత్రమే మోస్తుంది. రెండవ అమరికలో కింది వంతెన బరువు కూడా ఆ దూలం మీదకే వస్తుంది. అంటే ఆ అతుకు మీది భారం దాదాపు రెట్టింపయింది.

ఈ మార్పు ఇనుప పని సంస్థ సిద్ధం చేసిన షాప్ డ్రాయింగు 30లోను, అమరిక డ్రాయింగు ఇ-3లోను చేరింది. మొత్తం 42 షాప్ డ్రాయింగులు 1979 ఫిబ్రవరి 16న ఇంజనీర్ల కార్యాలయానికి చేరాయి. ఫిబ్రవరి 26న సమీక్ష ముద్రతో తిరిగి వెళ్ళాయి. మార్పును ఫోనులో అడిగి అంగీకారం పొందామని ఇనుప పని సంస్థ వాదించగా, అటువంటి అంగీకారం ఇవ్వలేదని ఇంజనీర్లు వాదించారు. మారిన అతుకుకు మాత్రం కొత్త లెక్క జరగలేదు.

3. రిజిస్టరు చెప్పేది, చెప్పనిది:
పంపిన ప్రతి డ్రాయింగుకూ ట్రాన్స్‌మిటల్ రిజిస్టరులో ఒక వరుస ఉంటుంది. డ్రాయింగు సంఖ్య, రివిజన్, ఎవరికి, ఏ తేదీన, ఏ ఉద్దేశంతో (ఆమోదానికా, నిర్మాణానికా) పంపారు, ఏ నిర్ణయంతో తిరిగి వచ్చింది అన్నవి అందులో నమోదవుతాయి. షాప్ డ్రాయింగు 30ను అటువంటి వరుసగా ఊహించుకుంటే, రాక ఫిబ్రవరి 16, పోక ఫిబ్రవరి 26, నిర్ణయం 'సమీక్షించబడినది' అని కనిపిస్తుంది. ఆ వరుసలో లోపమేమీ లేదు. కాగితం ప్రయాణం చక్కగా నమోదైంది. ఆ కాగితం మరొక డ్రాయింగును కాదంటున్నదన్న విషయం మాత్రం అందులో లేదు.

ఆ విషయాన్ని పట్టించేది రివిజన్ పద్ధతి. కడ్డీల మార్పు క్రమపద్ధతిలో జరిగి ఉంటే ముందుగా ఇనుప పని సంస్థ లిఖితపూర్వకంగా ప్రశ్న పంపేది. ఇంజనీరు అంగీకరిస్తే మారవలసిన మొదటి కాగితం షాప్ డ్రాయింగు కాదు, తన సొంత డ్రాయింగు. అందులో మారిన భాగం చుట్టూ మేఘాకారపు గీత గీసి, పక్కన త్రికోణంలో రివిజన్ సంఖ్య వేసి, డ్రాయింగు మూల ఉన్న పట్టికలో "ఒక కడ్డీకి బదులు రెండు కడ్డీలు" అని తేదీతో, సంతకాలతో రాయాలి. లెక్క సరిచూసిన వ్యక్తి సంతకం కూడా ఆ వరుసలోనే ఉండాలి. కాబట్టి లెక్క చేయకుండా ఆ వరుసను పూర్తి చేయడం కష్టం. ఆ తరువాత కొత్త ప్రతి పాత ప్రతి ఉన్న ప్రతి ఒక్కరికీ వెళ్ళాలి. వారు అందినట్లు సంతకం చేసి, పాత ప్రతిని వెనక్కి పంపాలి, లేదా దానిపై 'సూపర్‌సీడెడ్' ముద్ర వేసి పనిస్థలం నుండి తొలగించాలి. చరిత్రకోసం ఒక ప్రతిని కార్యాలయంలో విడిగా భద్రపరుస్తారు.

షాప్ డ్రాయింగు తాను ఏ మూల డ్రాయింగులోని ఏ రివిజన్‌పై ఆధారపడినదో పేర్కొనాలి. సమీక్షకుడు ఆ సంఖ్యను ప్రధాన రిజిస్టరుతో పోల్చాలి. సంఖ్య పాతదైతే అక్కడే ఆగాలి. సంఖ్య సరిపోయినా రెండింటిలోని బొమ్మలు వేరైతే, రికార్డు కాని మార్పు ఒకటి జరిగిందని అర్థం. కాన్సాస్ సిటీలో ఉన్నది ఈ రెండవ పరిస్థితే. మూల డ్రాయింగు రద్దు కాలేదు, దానికి విరుద్ధమైన షాప్ డ్రాయింగు మాత్రం ముద్రతో నిర్మాణానికి వెళ్ళింది.

4. తొలగిన ఒక గమనిక:
అదే నిర్మాణ చరిత్రలో మరొక చిన్న ఉదాహరణ ఉంది. తొలి చిత్తు డ్రాయింగులలో కడ్డీల ఉక్కు బలాన్ని తెలిపే గమనిక ఉండేది. తుది డ్రాయింగులలో అది లేదు. కడ్డీలు తక్కువ బలం గల ఉక్కుతో తయారయ్యాయి. పతనం దూలం అతుకు వద్ద జరిగింది కనుక ఆ లోపం దానికి కారణం కాదు. కాని డ్రాయింగుల నియంత్రణలో దీని పాఠం ముఖ్యమైనది. చేర్చినది కంటికి కనిపిస్తుంది, తొలగించినది కనిపించదు. అందుకే తొలగింపు జరిగిన ఖాళీ చోటు చుట్టూ కూడా గీత గీసి, పట్టికలో "గమనిక తొలగించబడినది" అని రాయడం అవసరమవుతుంది.

5. పద్ధతికి ఉన్న హద్దు:
డ్రాయింగుల నియంత్రణ ఒక్కటే ఆ వంతెనలను పూర్తిగా కాపాడేదని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. మొదటి ఒక కడ్డీ అమరిక కూడా నగర నిర్మాణ నిబంధనలు కోరిన బలంలో సుమారు 60 శాతమే కలిగి ఉండేదని దర్యాప్తు తేల్చింది. కట్టిన అమరిక దానిలో సగానికి దిగింది. అంటే మొదటి లోపం లెక్కలోనిది. దానిని ఏ రిజిస్టరూ సృష్టించలేదు, ఏ రిజిస్టరూ తనంతట తాను సరిదిద్దలేదు. కాని రివిజన్ పద్ధతి ఆ అతుకును రెండవసారి లెక్క కట్టవలసిన సందర్భాన్ని కల్పించేది. ఆ సందర్భం 1979 ఫిబ్రవరిలో చేజారింది.

6. ముగింపు:
బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మిస్సోరీ రాష్ట్రంలో విచారణ జరిగింది. షాప్ డ్రాయింగుపై వేసిన ముద్రకు ఇంజనీర్లే జవాబుదారులని 1985లో తీర్పు వచ్చింది. ఆపై బాధ్యులైన ఇంజనీర్ల లైసెన్సులు రద్దయ్యాయి. తాము గీయని డ్రాయింగే అయినా, అందులోని మార్పును అంగీకరించినవారే దానికి కర్తలు అన్నది ఆ తీర్పు సారాంశం. ట్రాన్స్‌మిటల్ రిజిస్టరులోని 'నిర్ణయం' అనే గడికి అప్పటినుండి ఉన్న అర్థం ఇదే. కాగితం అందిందనడానికి తేదీ సాక్ష్యం, దానిలోని మార్పును అర్థం చేసుకున్నామనడానికి సంతకం సాక్ష్యం. ఈ రెండూ వేర్వేరు పనులని గుర్తించినప్పుడే డ్రాయింగుల నియంత్రణ కాగితాల లెక్కగా కాక నిర్మాణ భద్రతలో భాగంగా పనిచేస్తుంది.