ఫైలు, దస్త్రం, బొమ్మ: కంప్యూటరు తెలుగులో ఒక మాట నడిచిన దారి

కంప్యూటరు రంగంలోని మాటలకు తెలుగులో కొత్త పదాలు కల్పించుకోవాలా, ఇంగ్లీషు పదాలనే వాడుకోవాలా అన్న చర్చ తరచు రెండు పక్షాల వాగ్వాదంగా ముగుస్తుంది. ఒక పక్షం 'సంగణకం', 'అంతర్జాలం' వంటి మాటలు చూపించి భాష సత్తా అంటుంది. రెండో పక్షం అవే మాటలు చూపించి ఇవి ఎవరి నోట పలుకుతాయని అడుగుతుంది. ఈ వ్యాసంలో ఆ వాదనను పక్కన పెట్టి ఒక్క మాటను తీసుకుందాం. అది 'ఫైలు'. ఈ మాట కంప్యూటరు తెరమీద ఏయే రూపాలు పొందిందో, ఏ రూపం ఎక్కడ పనిచేయలేదో చూస్తే కల్పించుకోవడానికీ అరువు తెచ్చుకోవడానికీ హద్దు ఎక్కడుందో కొంత తెలుస్తుంది.

ముందుగా చర్చ మూలాలు. ఆధునిక శాస్త్రాలను తెలుగులో చెప్పాలన్న పెద్ద ప్రయత్నం 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలితో ఊపందుకుంది. దానికి ఆయువుపట్టయిన కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో చదువుకున్నవారు, మరాఠీలోనూ వ్యాసాలు రాసినవారు. ఆనాటి శాస్త్ర గ్రంథాలలో పారిభాషిక పదాలు ఎక్కువగా సంస్కృత సమాసాలే. చదువు జనం మాట్లాడే భాషలో సాగాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి చాలాకాలం పనిచేసిన ఊరు పర్లాకిమిడి. అది 1936లో ఒరిస్సాలో కలిసింది. అంటే ఈ చర్చలో రెండు వైపులా నిలిచిన పెద్దలకూ నేటి తెలుగు రాష్ట్రాల వెలుపలి ఊళ్లతో గట్టి సంబంధమే ఉంది.

స్వాతంత్ర్యం తరువాత ఈ పని ప్రభుత్వ సంస్థల చేతికి వచ్చింది. కేంద్రంలో శాస్త్రీయ సాంకేతిక పదావళి సంఘం 1961లోనూ, హైదరాబాదులో తెలుగు అకాడమి 1968లోనూ ఏర్పడ్డాయి. ఇవి పదకోశాలు అచ్చు వేశాయి, పాఠ్యపుస్తకాలకు మాటలు సమకూర్చాయి. అయితే పుస్తకంలో ఉన్న మాటకూ కంప్యూటరు తెరమీది మాటకూ ఒక తేడా ఉంది. పుస్తకంలో పదం అర్థం కాకపోతే పక్కనున్న వివరణ చదువుతాం. తెరమీద మీటకు వివరణ ఉండదు. అక్కడున్న ఒకటి రెండు మాటలే చదివి దాన్ని నొక్కాలో వద్దో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. పదానికి అసలు పరీక్ష అక్కడే జరుగుతుంది.

ఇక ఫైలు సంగతి. ఇంగ్లీషులో ఈ మాటకు మూలం దారం అనే అర్థంగల లాటిను పదం. కాగితాలను ఒక దారానికో తీగకో గుచ్చి దాచేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. తమిళులు దీనికి 'కోప్పు' అంటారు. గుచ్చి కూర్చినది అని దాని భావం. అంటే ఇంగ్లీషు మాట వెనకున్న బొమ్మే తమిళంలోనూ పలికింది. కన్నడంలో 'కడత' అంటారు. చింతగింజల జిగురూ బొగ్గుపొడీ పట్టించిన గుడ్డను మడతలు పెట్టి, దానిమీద బలపంతో లెక్కలు రాసుకొనే పాత పుస్తకం పేరు అది. శృంగేరి మఠం కడతాలు చరిత్రకారులకు బాగా తెలిసినవి. తెలుగులోనూ 'కడితం' అన్న మాట ఉండేది, కాని వాడుకలోంచి జారిపోయింది. కన్నడిగులు తమ కచేరీ మాటను పోనివ్వకుండా కంప్యూటరు దాకా తెచ్చుకున్నారు. మరాఠీలో, హిందీ పదావళిలో 'సంచికా' అని ఉంది. ఇది మనకు చిక్కు తెచ్చే మాట. మహారాష్ట్రలో చదువుకునే తెలుగు విద్యార్థి ఆ మాటను తెలుగులోకి తెచ్చుకుంటే ఇంట్లో పెద్దలకు పత్రిక సంచికే గుర్తుకొస్తుంది. సంస్కృత పదం వాడితే భారతీయ భాషలన్నిటా ఒకే మాట ఉంటుందన్న వాదం ఇక్కడ నిలవదు. పదం ఒకటే అయినా ఒక్కో భాషలో అది ఒక్కో పనికి ముందే కుదురుకొని ఉంటుంది.

మన కచేరీలలో ఇదే వస్తువుకు రెండు మాటలున్నాయి. ఒకటి 'దస్త్రం', రెండోది 'ఫైలు'. దస్త్రం అచ్చతెలుగు అనుకునేవారున్నారు. నిజానికి అది ఫారసీ రాజభాషగా ఉన్న కాలంలో కచేరీల మీదుగా వచ్చింది. ఫైలు ఇంగ్లీషువారి కచేరీల మీదుగా వచ్చింది. రెండూ అరువు మాటలే, రెండూ పాలనతో వచ్చినవే. కాబట్టి మనముందున్న ప్రశ్న 'మనదా, పరాయిదా' అన్నది కాదు. ఏది ఏ పని చేయగలదన్నదే ప్రశ్న.

దీనికి తెలుగు వికీపీడియా చరిత్రలో మంచి ఉదాహరణ దొరుకుతుంది. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వం మీడియావికీ అనే సాఫ్టువేరు మీద నడుస్తుంది. పేజీలో ఛాయాచిత్రం పెట్టాలంటే దాని పేరుకు ముందు ఒక మాట రాసి రెండు చుక్కలు పెట్టాలి. మొదట్లో ఇంగ్లీషులో ఆ మాట `Image`. తెలుగులో దాన్ని 'బొమ్మ' అన్నారు. ఇంతకన్నా తేలికైన, అందమైన తెలుగు మాట ఉండబోదు. అయితే క్రమంగా ఆ స్థలంలోకి శబ్దాలూ, చలనచిత్రాలూ, పుస్తకాల ప్రతులూ చేరాయి. పాటను కూడా 'బొమ్మ' అనాల్సి వచ్చింది. ఇంగ్లీషులోనూ ఇదే ఇబ్బంది ఉన్నందున 2009లో విడుదలైన 1.14 రూపంతో `Image` స్థానంలో `File` వచ్చింది. దానికి తగ్గట్టు తెలుగులో బొమ్మ పోయి 'దస్త్రం' నిలిచింది. కన్నడ, మరాఠీ వికీపీడియాలలో 'చిత్ర' అనీ, తమిళంలో 'పడిమం' అనీ బొమ్మకు సంబంధించిన మాటలే ఉండిపోయాయి. ఒడియావారు ఫైలు అన్న ఇంగ్లీషు మాటనే తీసుకున్నారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పేరు మార్చినప్పుడు పాత పేరును కొట్టివేయలేదు, మారుపేరుగా ఉంచారు. కింది మూడు వరుసలూ ఒకే చిత్రాన్ని చూపిస్తాయి.

```
[[దస్త్రం:Charminar.jpg]]
[[బొమ్మ:Charminar.jpg]]
[[File:Charminar.jpg]]
```

అచ్చయిన పదకోశంలో ఒక మాటను దిద్దితే పాత పుస్తకాలన్నీ తప్పుగా మిగిలిపోతాయి. ఇక్కడ అలా కాలేదు. కల్పించిన మాట పొసగకపోతే వెనక్కి తీసుకోవచ్చు, అంతకుముందు రాసినది చెడదు.

మరి దస్త్రమే ఎందుకు, ఫైలు ఎందుకు కాదు? వాక్యంలో పెట్టి చూస్తే రెండూ చక్కగా నడుస్తాయి. దస్త్రం, దస్త్రాలు, దస్త్రాన్ని, దస్త్రంలో అంటాం. ఫైలు, ఫైళ్లు, ఫైలును, ఫైల్లో అంటాం. రైలు రైళ్లయినట్టు, స్కూలు స్కూళ్లయినట్టు ఫైలు ఫైళ్లయింది. బహువచనంలో ఈ మార్పు పొందిన మాట తెలుగులో స్థిరపడిందనే చెప్పాలి. ఇలా విభక్తులు పట్టే మాట ఒకటి అనువాదకుడికి తప్పనిసరి. ఒక ఫైలును తీసివేశాక కంప్యూటరు ఆ సంగతి చెప్పాలి. ఏ ఫైలో అనువాదకుడికి ముందుగా తెలియదు కాబట్టి పేరు రావలసిన చోట `$1` అనే గుర్తు పెడతారు. అనుభవం లేనివారు మొదటి వరుసలా రాస్తారు. ఆరితేరినవారు రెండోదానిలా రాస్తారు.

```
$1ను తొలగించాం
$1 అనే దస్త్రాన్ని తొలగించాం
```

మొదటిదానిలో చిక్కేమిటంటే, తెలుగులో 'ను', 'ని', 'న్ని' అన్న ప్రత్యయాలలో ఏది రావాలన్నది ముందున్న మాట ముగింపును బట్టి ఉంటుంది. `$1` స్థానంలో 'ఉత్తరం' అన్న పేరు వస్తే తెరమీద 'ఉత్తరంను' అని పడుతుంది. రెండో వాక్యంలో పేరు ఏదైనా ప్రత్యయాన్ని దస్త్రమే మోస్తుంది. అక్కడ 'ఫైలును' అన్నా తప్పులేదు. ఏదో ఒకటి ఎంచుకొని అంతటా దాన్నే వాడాలి. ఒక తెరమీద దస్త్రం, మరో తెరమీద ఫైలు కనిపిస్తే చదివేవారు అవి రెండు వేర్వేరు వస్తువులని అనుకుంటారు.

తెలుగు మాట ఉన్నా అది పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. చేసిన పనిని పోకుండా ఉంచుకోవడానికి మనం వాడే సహజమైన మాట 'దాచు'. డబ్బు దాచుకుంటాం, ఉత్తరాలు దాచుకుంటాం. కాని కనబడకుండా చేయడం కూడా దాచడమే. కంప్యూటరులో ఈ రెండు పనులూ వేర్వేరు మీటలతో జరుగుతాయి, తరచు ఒకే తెరమీద ఉంటాయి. రెంటికీ దాచు అనే రాస్తే ఏది నొక్కితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. అందువల్ల కనబడకుండా చేయడానికి దాచు మిగిలింది, రెండో పనికి కాస్త బరువైనా 'భద్రపరచు' కుదిరింది. మాటల్లో మాత్రం అందరూ సేవ్ చేశామనే అంటున్నారు. పదాన్ని విడిగా తూచి బాగుందనో బాగోలేదనో అనడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. పక్కనున్న మాటలతో కలిపి చూస్తేనే దాని తూకం తెలిసేది.

అరువు తెచ్చుకుంటే చిక్కులుండవనీ అనుకోకూడదు. తెలుగు మాట చివర సాధారణంగా అచ్చు ఉంటుంది, ముగింపులో అనుస్వారం వచ్చినా ఇబ్బంది లేదు. ఇంగ్లీషు మాటను పొల్లుతో ఆపి 'కంప్యూటర్' అని రాసి, దానికి 'లో' చేరిస్తే యూనికోడు నియమం ప్రకారం రెండు హల్లులూ కలిసి 'కంప్యూటర్లో' అవుతుంది. ఆ వత్తు ఇష్టంలేనివారు మధ్యలో `U+200C` అనే కంటికి కనిపించని అక్షరం పెట్టి 'కంప్యూటర్‌లో' అని విడదీస్తారు. చూసేవారికి రెండూ ఒకే మాట, యంత్రానికి మాత్రం వేర్వేరు. అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు పోల్చే పద్ధతిలో ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు. అనుమానం వస్తే పొల్లు పక్కన ఒక్కో అక్షరమే జరుపుతూ చూడండి. మీట నొక్కినా కొన్నిచోట్ల గీత కదలదు, అంటే అక్కడ కనిపించని అక్షరం ఉందన్నమాట. 'కంప్యూటరు' అని ఉకారంతో రాస్తే 'కంప్యూటరులో' అని చక్కగా సాగుతుంది, ఈ బాధ ఉండదు. మన అవ్వలు రైలును, స్కూలును ఎలా తెలుగు చేశారో కంప్యూటరునూ అలాగే చేయాలి.

ఈ కథను బట్టి చూస్తే కొత్త మాట కల్పించవలసింది వాడుకలోని మాటలు ఒకదానితో ఒకటి తగులుకున్నచోట, 'దాచు' విషయంలో జరిగినట్టు. జనం నోట నలిగి విభక్తులు పట్టిన మాట ఏ భాషదైనా దాన్ని కదిలించనక్కరలేదు. బెంగళూరులోనో, చెన్నైలోనో, బరంపురంలోనో తెలుగులో సాఫ్టువేరు అనువదించబోయే విద్యార్థికి పక్క భాషలోని మాట చేతికందుతూనే ఉంటుంది. దాన్ని తెచ్చుకోబోయేముందు మూడు పనులు చేయాలి. తెలుగులో ఆ మాటకు ముందే వేరే అర్థం ఉందేమో చూడాలి. అదే తెరమీద ఉన్న మిగతా మీటల పక్కన పెట్టి చదవాలి. చివరగా దానికి 'ను', 'లో', 'లు' చేర్చి పైకి పలికి చూడాలి. 'సంచిక' మొదటి పరీక్షలోనే ఆగిపోతుంది, 'దాచు' రెండోదానిలో సగం ఆగుతుంది. 'ఫైలు', 'దస్త్రం' మాత్రం మూడూ దాటుతాయి.