ఇన్కా రహదారి: ఇనుము లేని నిర్మాణ తర్కం

ఇనుము, బండిచక్రం, బండి లాగే పశువు అనే మూడింటితో నాగరికత స్థాయిని కొలిచే అలవాటు చరిత్రరచనలో కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో 15వ శతాబ్దంలో విస్తరించిన ఇన్కా సామ్రాజ్యం ఈ కొలమానాన్ని ప్రశ్నిస్తుంది. కుస్కో కేంద్రంగా అక్కడ రూపొందిన సుమారు 30,000 కిలోమీటర్ల రహదారి వ్యవస్థకు ఈ మూడింటిలో ఏదీ ఆధారం కాదు.

ఆ దారులు మనుషుల కోసం, లామాల కోసం వేసినవి. లామా వీపున సుమారు 30 కిలోల బరువు మోస్తుంది, బండి లాగదు. చక్రం నడవవలసిన పని లేదు కనుక ఏటవాలు తగ్గించడానికి దారిని కొండ చుట్టూ తిప్పనక్కరలేదు. నిటారైన చోట రాతిమెట్లు చాలు. తరువాత వచ్చిన స్పానిష్ గుర్రాలకు ఆ మెట్లే అవరోధమయ్యాయి.

లోతైన లోయలపై గడ్డితో పేనిన మోకులను రాతి దిమ్మెలకు బిగించి వేలాడే వంతెనలు కట్టారు. గడ్డిమోకు త్వరగా చివికిపోతుంది. అందువల్ల వంతెన నిలవాలంటే దానిని పదే పదే పేనే మనుషులు ఉండాలి. ‘మిత’ అనే వంతుశ్రమ ఆ మనుషులను సమకూర్చింది. అది స్వచ్ఛంద సేవ కాదు, రాజ్యానికి శ్రమరూపంలో చెల్లించే పన్ను. వలసపాలకులు అదే మితను పొతోసి వెండిగనులకు మళ్ళించారు. రహదారులలో అధికభాగం ఆదరణ లేక శిథిలమైంది. అపూరిమాక్ నదిపై క్వెస్వచాక వంతెనను మాత్రం సమీప గ్రామాలవారు నేటికీ ఏటా కొత్తగా పేనుతున్నారు.

కనుక ఈ రహదారిని నిలిపినది లోహం కాదు, శ్రమను క్రమబద్ధం చేసిన వ్యవస్థ. దాని ఘనతను, అది ప్రజలపై మోపిన భారాన్ని కలిపి చూసినప్పుడే అంచనా సమగ్రమవుతుంది.