చెమట పట్టే చేతులకు ఏ మ్యాట్? పీవీసీ, రబ్బరు, టీపీఈ, కార్క్‌లలో ఎంచుకోవడం

యోగా పీరియడుకు ఎవరి మ్యాట్ వాళ్లే తెచ్చుకోవాలని చెప్పినప్పటి నుంచీ బడి ఆఫీసు దగ్గర ఒకటే ప్రశ్న వినబడుతోంది: "ఏ మ్యాట్ కొనాలండీ?" షాపుకు వెళితే రంగు చూస్తాం, మందం చూస్తాం, ధర అడుగుతాం. మన చెన్నైలో మాత్రం వీటన్నిటికన్నా ముందు చూడవలసింది చెమట. కత్తిరి ఎండలు పోయినా ఇక్కడ ఉక్కపోత పోదు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒంటి మీది చెమట త్వరగా ఆరదు, అరచేతుల్లోనే నిలిచి ఉంటుంది. ఢిల్లీలోనో బెంగళూరులోనో ఉన్న చుట్టాలు "మా మ్యాట్ భలే ఉంది" అని చెబితే, అదే మ్యాట్ మన దగ్గరా అలాగే పనిచేస్తుందనుకోకండి.

చెమట ఎక్కడ ఇబ్బంది పెడుతుందో అధోముఖ శ్వానాసనంలో బాగా తెలుస్తుంది. చేతులు ముందుకు, పాదాలు వెనక్కు పెట్టి నడుము పైకి ఎత్తుతాం. ఒంటి బరువు చేతుల్ని ముందుకు జార్చాలని చూస్తుంది. అరచెయ్యి పొడిగా ఉన్నంతసేపూ దాదాపు ఏ మ్యాట్ అయినా పట్టుకుంటుంది. చెయ్యికీ మ్యాట్‌కీ మధ్య చెమట పలచని పొరలా చేరిందంటే, వాన నీళ్లు నిలిచిన గచ్చు మీద హవాయి చెప్పు జారినట్టు చెయ్యి జారుతుంది. పిల్లలు దాన్ని ఆపుకోవడానికి వేళ్లు బిగించి, మణికట్టు మీద బలం మోపుతారు. పీరియడు అయ్యాక మణికట్టు నొప్పి అంటే ఆసనం తప్పు చేశారనే అనుకుంటాం. ఒకసారి మ్యాట్ కూడా చూడండి.

ఈ నాలుగు రకాలూ చెమట తగిలితే ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటాయి.

పీవీసీ అన్నిటికన్నా చవక, గట్టిది, ఏళ్ల తరబడి వస్తుంది. నీళ్లు పీల్చదు. తుడవడానికి అది మంచిదే, కానీ చెమట కూడా పైనే నిలుస్తుంది. కొత్త పీవీసీ మ్యాట్ మీద తయారీలో మిగిలిన నున్నని పొర కూడా ఉంటుంది. సబ్బు నీళ్లలో పిండిన గుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, కొన్నాళ్లు వాడాక పట్టు కొంచెం మెరుగవుతుంది. పీవీసీని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్లు కలుపుతారు. వాటిలో ఫ్తాలేట్లు అనే రకాన్ని చాలామంది వద్దనుకుంటారు. పిల్లల కోసం కొంటుంటే, అవి లేవని లేబుల్ మీద రాసి ఉందో లేదో చూడండి. విప్పగానే ముక్కు పట్టుకునేంత ఘాటైన వాసన వచ్చే మ్యాట్‌ని షాపులోనే వదిలేయడం మేలు.

సహజ రబ్బరు పొడి చేతికి అన్నిటికన్నా బాగా అతుకుతుంది. మెత్తదనం వల్ల అరచేతి గీతల్లోకి సర్దుకుంటుంది. కొద్దిపాటి చెమటకు కూడా నిలుస్తుంది. కొన్ని రబ్బరు మ్యాట్లు చెమటను లోపలికి పీలుస్తాయి, కొన్ని పీల్చవు. పీల్చేవి జారవు, కానీ ఆ చెమట లోపలే ఉండిపోయి, వానాకాలంలో వాసన పడతాయి. రబ్బరు బరువు కూడా ఎక్కువ. బెలూన్లు, రబ్బరు గ్లవుజులు తగిలితే దురద, దద్దుర్లు వచ్చే పిల్లలున్న ఇంట్లో సహజ రబ్బరు వద్దే వద్దు.

టీపీఈ అంటే వేడికి మెత్తబడే, రబ్బరులా సాగే ప్లాస్టిక్. తేలిక, వాసన తక్కువ, మామూలుగా రబ్బరు పాలు ఉండవు. పొడి చేతికి పట్టు బాగానే ఉంటుంది, బాగా చెమట పడితే పీవీసీ లాగే జారుతుంది. "పర్యావరణానికి మంచిది" అని దీని మీద రాస్తుంటారు. మామూలుగా ఇదీ పెట్రోలియం సరుకే, మట్టిలో ఆకులా కుళ్లిపోయేది కాదు. ఆ ఒక్క మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

కార్క్ కథ దీనికి తలకిందులు. పోర్చుగల్ వైపు పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు ఇది. చెట్టును నరకరు, సుమారు తొమ్మిదేళ్లకోసారి బెరడు వలుస్తారు. మ్యాట్‌లో పైపొర మాత్రమే కార్క్, కింద రబ్బరో టీపీఈయో ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు కార్క్ కొంచెం నున్నగా ఉంటుంది. షాపులో చెయ్యి పెట్టి చూసి "ఇది జారుతోందే" అని వదిలేసేవాళ్లు అందుకే ఎక్కువ. దానికి కాస్త తడి తగలాలి, అప్పుడు పట్టు పెరుగుతుంది. మొదటి పది నిమిషాలు, చెమట పట్టక ముందు, చేతులు పెట్టే చోట నాలుగు చుక్కల నీళ్లు చిలకరించుకుంటే సరిపోతుంది. అలాగని కార్క్ మీద నీళ్లు నిలిస్తే అదీ జారుతుంది, అందులో మాయ ఏమీ లేదు. రబ్బరు పడని పిల్లలకు కొనేటప్పుడు కింది పొర ఏమిటో తప్పకుండా అడగండి.

షాపులో పరీక్ష సులువు. చేతిని నీళ్లతో తడిపి, గుడ్డకు ఒకసారి అద్దండి. ఆ తడి చేతిని మ్యాట్ మీద పెట్టి, ఒంగి, బలంగా ముందుకు తొయ్యండి. పొడి చేత్తో నిమిరి చూస్తే తెలిసేది ఏమీ లేదు. మ్యాట్ ఇంటికి వచ్చాక, ఒక మూల చెంచాడు నీళ్లు పోసి, అయిదు నిమిషాలయ్యాక తుడవండి. తుడిస్తే పూర్తిగా పొడి అయితే అది పీల్చని రకం. నల్లగా మచ్చ మిగిలితే పీల్చే రకం, దాన్ని మరింత జాగ్రత్తగా ఆరబెట్టుకోవాలి.

ఇక మెత్తదనం. ఇక్కడ అందరం పొరబడేది మందం దగ్గర. మందం ఎంత ఎక్కువైతే మోకాలికి అంత సుఖం అనుకుంటాం. ఎన్‌బీఆర్ అనే నురగ రబ్బరుతో చేసిన 10 మి.మీ. మ్యాట్లు షాపుల్లో బాగా కనిపిస్తాయి. పడుకుంటే పరుపులా ఉంటాయి. మోకాలు మోపితే మాత్రం నురగ పూర్తిగా అణిగిపోయి ఎముక గచ్చును తాకుతుంది. వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడితే పాదం కింద మ్యాట్ ఊగుతుంది.

దీన్ని తూకంతో తెలుసుకోవచ్చు. 183 సెం.మీ. పొడవు, 61 సెం.మీ. వెడల్పు ఉన్న మ్యాట్లు రెండు తీసుకుందాం. ఒకటి 10 మి.మీ. నురగది, ఇంకొకటి 6 మి.మీ. టీపీఈ. రెండూ తక్కెడలో సుమారు ఒక కిలో తూగాయనుకోండి. మొదటిదాని ఘనపరిమాణం 183 × 61 × 1, అంటే సుమారు 11,160 ఘన సెం.మీ. రెండోది 183 × 61 × 0.6, సుమారు 6,700. బరువు ఒకటే అయినా మొదటిదానిలో ఒక్కో ఘన సెం.మీ.కి 0.09 గ్రాములే, రెండోదానిలో 0.15 గ్రాములు. మొదటిదానిలో గాలి ఎక్కువ, సరుకు తక్కువ. (ఏడో తరగతి పిల్లలకు ఈ లెక్క మీరే ఇవ్వండి, ఘనపరిమాణం పాఠం కలిసొస్తుంది.) ఒకే పదార్థంతో చేసిన రెండు మ్యాట్ల మధ్య ఈ పోలిక ఇంకా నమ్మకంగా పనిచేస్తుంది. తక్కెడ లేకపోతే బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. వేలికి అడుగున నేల తగిలినా, గుంట అలాగే నిలిచిపోయినా, మోకాలికీ అంతే అవుతుంది.

ఒక ఇంటి లెక్క చూద్దాం. ఎనిమిదో తరగతి అబ్బాయి, అరచేతుల్లో ధారగా చెమట. అమ్మ పొద్దున్నే నలభై నిమిషాలు సూర్యనమస్కారాలు చేస్తుంది. నాయనమ్మకు మోకాళ్ల నొప్పి, కూర్చుని ప్రాణాయామం, పడుకుని నాలుగు వ్యాయామాలు. ముగ్గురికీ ఒకే మ్యాట్ అంటే కుదరదు, మూడు ఖరీదైనవీ అక్కర్లేదు. అమ్మకు రబ్బరు మీద కార్క్ వేసిన 4 లేదా 5 మి.మీ. మ్యాట్ సరిపోతుంది. ఇంట్లోనే ఉంటుంది కాబట్టి బరువు ఇబ్బంది కాదు. ధర ఎక్కువైనా రోజూ వాడేది అదే. అబ్బాయి బడికి మోసుకురావాలి, పుస్తకాల సంచితో పాటు రెండు రెండున్నర కిలోల రబ్బరు మ్యాట్ మొయ్యమనడం అన్యాయం. అతనికి 6 మి.మీ. టీపీఈ చాలు. చేతులు పెట్టే చోట ఒక నూలు తువ్వాలు అడ్డంగా పరిస్తే చెమటను అది పీలుస్తుంది. తువ్వాలును కాస్త తడిపి పరిస్తే మ్యాట్ మీద జరగదు. నాయనమ్మకు ఆ మెత్తని 10 మి.మీ.దే బాగుంటుంది, నిలబడి చేసే ఆసనాలకు మాత్రం దాని మీదికి రావద్దని చెప్పండి. ఇంట్లో ఇప్పటికే పీవీసీ ఉంటే పారేయకండి, దాని మీద భవాని జముక్కాళం పరిచి చేసుకోవచ్చు. జముక్కాళాన్ని ఒట్టి గచ్చు మీద వేస్తే అదే జారుతుంది, కింద మ్యాట్ ఉండాలి.

మ్యాట్లు మన ఇళ్లలో త్వరగా పాడయ్యేది రెండు కారణాల వల్ల. ఒకటి నూనె. తలకు కొబ్బరినూనె రాసిన చేత్తోనే మ్యాట్ మీదికి వస్తాం. నూనె చుక్క ఏ మ్యాట్ మీదైనా జారుడే. సహజ రబ్బరు అయితే దాన్ని పీల్చి ఉబ్బి, మెత్తబడి చెడుతుంది. చేతులు, పాదాలు సబ్బుతో కడుక్కుని మొదలుపెట్టండి. రెండోది ఎండ. బాగా ఆరుతుందని మేడ మీద ఎండలో వేస్తే రబ్బరు గట్టిపడి, పగిలి, పొడి రాలుతుంది. టీపీఈ వేడికి వంకర పోతుంది, ఆగి ఉన్న కారులో వదిలేసినా అంతే. తడి గుడ్డతో తుడిచి, నీడలో, గాలి తగిలేలా దండెం మీద రెండు వైపులా ఆరేయండి. తడిగా చుట్టిపెడితే వానాకాలంలో రెండు రోజుల్లో బూజు వాసన వస్తుంది. కార్క్ మ్యాట్‌ని కార్క్ వైపు బయటికి ఉండేలా చుట్టండి, లోపలికి చుడితే అంచులు లేచి పగుళ్లు వస్తాయి.

పొట్టు రాలుతున్నా, చేతులు పెట్టే చోట పలచబడి నున్నగా మెరుస్తున్నా ఆ మ్యాట్ పని అయిపోయినట్టే. అరిగింది ఆ రెండు చోట్లే కాబట్టి, మధ్యలో బాగున్న భాగాన్ని అడుగు వెడల్పు ముక్కలుగా కత్తిరించి, రెండు మడతలు వేసి మోకాళ్ల కింద పెట్టుకోండి.