సర్టిఫికేషన్ బీటా పరీక్షలు

ఒక సాఫ్ట్‌వేర్ సర్టిఫికేషన్ పరీక్షను అధికారికంగా విడుదల చేసే ముందు, దాని ప్రశ్నలను అసలు అభ్యర్థులతోనే రాయించి నాణ్యత తేల్చుకునే దశను బీటా పరీక్ష అంటారు. ఈ దశలో రాసేవారికి ఫీజు బాగా తగ్గుతుంది. ఫలితం మాత్రం వెంటనే రాదు. పాసైనవారికి దక్కేది అందరికీ ఇచ్చే సర్టిఫికెట్టే.

ఈ పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో మైక్రోసాఫ్ట్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కంపెనీ సర్టిఫికేషన్లు 1992లో మొదలయ్యాయి. 2000ల దశకంలో దాని పరీక్షల సంఖ్యలు 70తో మొదలయ్యేవి, వాటి బీటా రూపాలకు 71 ఉండేది. డాట్‌నెట్ పునాదుల పరీక్ష 70-536 అయితే, దాని బీటా 71-536. ప్రోమో కోడ్ సంపాదించినవారు బీటాను పైసా కట్టకుండా రాసేవారు. తర్వాత ఉచితం పోయి, ముందుగా వచ్చిన 300 మందికి 80 శాతం తగ్గింపు అనే పద్ధతి వచ్చింది. భారత్, పాకిస్తాన్, చైనా, టర్కీలలో ఆ కోడ్ పనిచేయదని ఆ ప్రకటనల్లోనే రాసేవారు. అందువల్ల ఆ తగ్గింపు అమెరికాలో ఉన్న తెలుగు ఇంజినీరుకు అందేది కానీ, హైదరాబాదులో అదే పని చేస్తున్నవారికి అందేది కాదు. కోడ్ ఏ దేశాల్లో చెల్లుతుందో ప్రతి ప్రకటనలోనూ చూసుకోవాలి.

ఫలితం ఆలస్యం కావడానికి కారణం ప్రశ్నల వడపోత. ఒక్కో ప్రశ్నకు ఎంతమంది సరైన జవాబు పెట్టారో ముందు లెక్కిస్తారు. దానికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: పరీక్ష మొత్తం మీద ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారు ఆ ప్రశ్నను సరిగ్గా చేశారా, లేదా? గట్టి అభ్యర్థులు తప్పు చేసి, బలహీనులు ఒప్పు పెట్టారంటే, వాక్యం తికమకగా ఉందనో, కీలో జవాబే తప్పనో అనుమానించి దాన్ని తీసేస్తారు. ఆ తర్వాత ఉత్తీర్ణత గీత గీస్తారు. ఇందుకు ఎక్కువగా వాడే పద్ధతికి 1971లో దాన్ని వివరించిన విలియం ఆంగాఫ్ పేరే ఉంది. అర్హతకు సరిగ్గా అంచున ఉన్న నూరుమందిలో ఎందరు ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలరో నిపుణులు ఒక్కో ప్రశ్నకూ అంచనా కడతారు. ఇదంతా అయ్యాకే బీటా పేపర్లకు మార్కులు వేస్తారు. మైక్రోసాఫ్ట్‌లో ఇందుకు సాధారణంగా రెండు మూడు నెలలు పట్టేది.

ఖర్చు లెక్కకు అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2024లో తెచ్చిన మెషిన్ లెర్నింగ్ ఇంజినీర్ అసోసియేట్ మంచి ఉదాహరణ. బీటాలో 85 ప్రశ్నలు, 170 నిమిషాలు, ఫీజు 75 డాలర్లు. విడుదలైన పరీక్షలో 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, 150 డాలర్లు. బీటాను ఒక్కసారే రాయనిస్తారు. తప్పితే పూర్తి ఫీజు కట్టి అసలు పరీక్షకు వెళ్లాలి, అప్పుడు మొత్తం 225 డాలర్లవుతుంది. నేరుగా వెళ్తే మొదటిసారే పాసవుతానన్న నమ్మకం ఉన్నవారికి, బీటాలో నెగ్గే అవకాశం సగానికి మించితేనే ఈ దారి లాభం. చౌక అన్న ఒక్క కారణంతో చదవకుండా వెళ్లేవారు ఈ లెక్క చూసుకోరు.

సగం అవకాశం కూడా అందరికీ ఉండదు, ఎందుకంటే ఆ సమయానికి పాఠ్యపుస్తకం గానీ, నమూనా పేపర్లు గానీ దాదాపు ఉండవు. అమీర్‌పేట కోచింగ్ నోట్సు కూడా అప్పటికి తయారుకాదు. చేతిలో ఉండేది సిలబస్ పత్రం, ఆ ఉత్పత్తి అధికారిక డాక్యుమెంటేషన్ మాత్రమే. పైగా తర్వాత తొలగించబోయే తప్పుడు ప్రశ్నలు కూడా మీ ముందుకొస్తాయి. వాటి మార్కులు చివరికి లెక్కలోకి రాకపోయినా, వాటి దగ్గర తడబడి పోగొట్టుకున్న నిమిషాలు తిరిగి రావు. అలాంటి ప్రశ్న కనిపిస్తే వ్యాఖ్య రాసే వీలు ఉన్నచోట రెండు ముక్కలు రాసి ముందుకు కదలడం మేలు.

విడుదలైన కొత్తలో రాయడం వేరే సంగతి. అప్పుడు ఫీజు పూర్తిగా కట్టాలి, ఉత్తీర్ణత గీత మాత్రం స్థిరపడి ఉంటుంది. పైన చెప్పిన అమెజాన్ పరీక్షను 2025 ఫిబ్రవరి 15లోపు పాసైనవారికి ఎర్లీ అడాప్టర్ అనే అదనపు డిజిటల్ బ్యాడ్జి ఇచ్చారు. కొత్త ప్రశ్నల పరిశీలన ఈ దశలోనూ ఆగదు: ఆ 65 ప్రశ్నల్లో 15 మార్కులకు లెక్కలోకి రావు, అవేవో అభ్యర్థికి తెలియదు.

పరీక్ష ఏ సాధనం మీదో దాన్ని ఏడాదిగా ఉద్యోగంలో రోజూ వాడుతున్నవారికి, ఇతరులకు ఆ పాఠం చెప్పేవారికి, పాత సర్టిఫికెట్ ఉండి కొత్త రూపానికి మారదలచినవారికి బీటా సరిపోతుంది. మొదటి ఉద్యోగం వెతుక్కుంటున్నవారు, ఫలానా తేదీలోగా సర్టిఫికెట్ చూపితేనే ప్రాజెక్టు గానీ, జీతం పెంపు గానీ దక్కేవారు దీని జోలికి పోకూడదు. వారికి మిగిలే డెబ్బై అయిదు డాలర్ల కన్నా, ఫలితం తెలియకుండా గడిచిపోయే నెలల ఖరీదే ఎక్కువ.