కసరత్తు తర్వాత కండరాల నొప్పి

అలవాటు లేని కసరత్తు చేసిన రోజు ఏమీ అనిపించదు. మర్నాడు నొప్పి మొదలవుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ముదిరి, వారం తిరిగేలోపు దానంతటదే పోతుంది. కదలకుండా కూర్చుంటే తెలియదు గాని కండరాన్ని నొక్కినా, సాగదీసినా, మెట్లు దిగినా తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఈ నొప్పి బాగా తెలిసిన చోటు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం. పోలీసు ఉద్యోగాల ప్రకటన వస్తే చాలు, అక్కడి హాస్టళ్లలోనూ తార్నాక చుట్టుపక్కల గదుల్లోనూ ఉండి చదువుకునే అభ్యర్థులు తెల్లవారకముందే పరుగు సాధనకు దిగుతారు. తెలంగాణలో 2022 నియామకాల్లో పురుషులకు 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పెట్టారు. తొడలు పట్టేస్తేనే సాధన ఒంటికి పట్టినట్టు అని మైదానాల్లో గట్టి నమ్మకం. వందేళ్లకు పైగా సాగిన పరిశోధన ఆ నమ్మకాన్ని బలపరచలేదు.

ఈ నొప్పిని మొదట శాస్త్రీయంగా పరిశీలించినవాడు అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త థియొడోర్ హఫ్. 1902లో వెలువరించిన వ్యాసంలో ఆయన అలసటతో వచ్చే నొప్పిని, మర్నాడు వచ్చే నొప్పిని వేరు చేసి, రెండోదానికి కండరంలో కలిగే సూక్ష్మమైన చిరుగులే కారణం కావచ్చన్నాడు. 1956లో డెన్మార్క్‌కు చెందిన ఎర్లింగ్ ఆస్ముసెన్ మరో కీలకమైన సంగతి చూపాడు. బరువును ఎత్తే పనికన్నా, దాన్ని ఆపుకుంటూ దించే పనే నొప్పి తెస్తుంది. గుంజీలు తీసేటప్పుడు కిందికి దిగే సగంలో తొడ కండరం బిగుసుకుంటూనే సాగుతుంది. వాలులో పరుగెత్తినా, మెట్లు దిగినా జరిగేది అదే. 1981లో స్వీడన్‌లో ఫ్రిడెన్ బృందం, మెట్లు దిగుతూ పరుగెత్తినవారి పిక్కల కండరాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి, తంతువుల అమరిక చెదరడం గమనించింది.

లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్లే నొప్పి అన్న మాట మైదానాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 1983లో ష్వేన్ బృందం దీన్ని నేరుగా పరీక్షించింది. ట్రెడ్‌మిల్‌పై సమతలంగా పరుగెత్తినప్పుడు రక్తంలో ఆ ఆమ్లం పెరిగింది గాని తర్వాత నొప్పి రాలేదు. వాలులో పరుగెత్తినప్పుడు ఆమ్లం పెరగలేదు, నొప్పి మాత్రం వచ్చింది.

నొప్పి ఎంత ఉంటే దెబ్బ అంత తగిలినట్టేనా? 2002లో నొసాకా బృందం 110 మంది యువకుల ఫలితాలను పోల్చింది. మోచేతి కండరాలతో కొందరు 12, కొందరు 24, కొందరు 60 సార్లు ఇలా సాగుతూ బిగుసుకునే పని చేశారు. 12 సార్లు చేసినవారిలో బలం కోల్పోవడం, వాపు తక్కువ. నొప్పి మాత్రం మిగతావారితో దాదాపు సమానం. దెబ్బనే సరిగా కొలవని నొప్పి కండరం ఎదుగుదలను కొలుస్తుందనుకోవడానికి ఆధారం లేదు. 2011లో ఫ్లాన్ బృందం చేసిన ప్రయోగం దీన్ని ఇంకా సూటిగా తేల్చింది. ఒక జట్టును మూడు వారాలు మెల్లగా అలవాటు చేసి, రెండో జట్టును నేరుగా కఠిన సాధనలోకి దించారు. నొప్పి, కండర నష్టం రెండో జట్టుకే ఎక్కువ. ఆ తర్వాత 8 వారాల సాధన ముగిసేసరికి కండర పరిమాణంలో, బలంలో రెండు జట్లూ ఇంచుమించు సమానంగా పెరిగాయి.

ఒక అభ్యర్థి సోమవారం మొదటిసారి నూరు గుంజీలు తీశాడనుకుందాం. బుధవారం హాస్టల్ మెట్లు పక్కగోడ పట్టుకుని దిగుతాడు. మరుసటి సోమవారం అన్నే తీస్తే నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. ఒక్కసారి చేసిన పనే కండరాన్ని కొన్ని వారాలపాటు ఇలా కాపాడుతుంది. కండరం ఆ పనికి సర్దుకున్నదని చెప్పే గుర్తు ఈ తగ్గుదలే. సాధన పనిచేయడం మానేసిందని దాన్ని పొరపాటుగా చదివి, నొప్పి కోసం వారానికో కొత్త కసరత్తు మారిస్తే నష్టం అతనికే. ప్రతిసారీ కండరం మరమ్మతుతోనే సరిపెట్టుకుంటుంది, 1600 మీటర్ల సమయం అక్కడే ఉండిపోతుంది. అతను రాసిపెట్టుకోవలసింది ఆ సమయాన్ని, దూకిన దూరాన్ని.

నొప్పి పోయిందంటే కండరం పూర్తిగా కోలుకున్నట్టు కూడా కాదు. మొదటిసారి బాగా ఎక్కువ చేస్తే, నొప్పి తగ్గాక కూడా బలం కొన్ని రోజులు వెనకబడే ఉంటుంది. అందుకే దేహదారుఢ్య పరీక్షకు ముందు వారం అలవాటు లేని కసరత్తేదీ మొదలుపెట్టకూడదు. తేలికపాటి నొప్పి ఉన్నప్పుడు నెమ్మదిగా పరుగెత్తడం వల్ల హాని లేదు, కాసేపు హాయిగానే ఉంటుంది. కానీ పరుగులో ఉండగానే ఒకచోట చురుక్కుమన్నా, కాలిఎముక మీద ఒకేచోట వేలు పెడితే నొప్పి పుట్టినా అది వేరే గాయం. నొప్పితో పాటు కండరం బాగా ఉబ్బి, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే కండరం కరిగి దాని పదార్థాలు మూత్రపిండాల మీద పడుతున్నాయని అనుమానించాలి. అప్పుడు అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.