తూకం నుంచి డెల్టా దాకా

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ల దగ్గర లెక్క అందరికీ తెలిసిందే. గ్రాముల్ని ధరతో హెచ్చించి, మజూరీ కలుపుతారు. గ్రాము 9,000 రూపాయలు, వస్తువుకు మజూరీ 500 అనుకుందాం. బరువు x గ్రాములైతే వెల f(x) = 9000x + 500. బరువు తెలిస్తే వెల తెలుస్తుంది. ఇందులో మజూరీ పక్కన పెడితే మిగిలే లెక్కకు మన దేశంలో చాలా పాత పేరుంది, త్రైరాశికం. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే దానికి సూత్రం ఉంది. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో బంగారం వన్నె లెక్కలు కూడా ఉన్నాయి. ఆ గ్రంథాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు.

అదే లెక్కను వెనక్కి తిప్పి అడగవచ్చు. 8 గ్రాముల వస్తువు వెల 72,500. ఆ వెలలో 9 రూపాయలకు మించి తేడా రాకూడదంటే తూకంలో ఎంత తేడాను ఓర్చుకోవచ్చు? 9ని 9000తో భాగిస్తే 0.001 గ్రాము, అంటే ఒక మిల్లీగ్రాము. మూడు దశాంశ స్థానాలు చూపే తూకం యంత్రం ఈ పనికి చాలు. తేడా 90 పైసలకు తగ్గాలంటే ఆ యంత్రం చాలదు, నాలుగో స్థానం కావాలి. వెలలో మనం ఒప్పుకునే తేడా ఎప్సిలాన్, దానికోసం తూకంలో పాటించాల్సిన హద్దు డెల్టా. అంగట్లో ఏదో ఒక చోట ఈ బేరం ఆగిపోతుంది. గణితంలో ఆగదు, ఎప్సిలాన్ ఎంత చిన్నదిచ్చినా డెల్టా చూపించాల్సిందే.

ఒక్క భాగహారంతో తేలిపోయే ఈ ప్రశ్నను నిరూపణ పద్ధతిగా మలచడానికి యూరప్‌లో ఒకటిన్నర శతాబ్దం పట్టింది. అన్నేళ్లు పట్టడానికి ఒక కారణం రేఖీయ ప్రమేయం ఎవరినీ ఇబ్బంది పెట్టకపోవడమేనని నాకనిపిస్తుంది. న్యూటన్, లైబ్నిజ్ కలనగణితం మీద 1734లో బిషప్ బర్క్‌లీ చేసిన దాడినే చూడండి. h అనే చిన్న మార్పు సున్నా కాదని చెప్పి దానితో భాగిస్తారు, పని అయ్యాక సున్నా అని చెప్పి వదిలేస్తారు, ఇదేం తర్కమని ఆయన నిలదీశాడు. x² విషయంలో ఆ దెబ్బ సూటిగా తగులుతుంది. భాగించాక 2x + h మిగులుతుంది, ఆ hను ఏం చేయాలో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. 9000x + 500 విషయంలో మాత్రం భాగించగానే 9000 ఒక్కటే మిగులుతుంది. వదిలేయడానికి h ఉండదు, తగాదా కూడా ఉండదు.

మలుపు తెచ్చింది ఉజ్జాయింపు లెక్కలు. పద్దెనిమిదో శతాబ్దంలో శ్రేణులతో విలువలు కట్టేవాళ్లు, ఇన్ని పదాల దగ్గర ఆగితే దోషం ఎంతకు మించదో అంచనా వేసేవాళ్లు. లగ్రాంజ్ 1797లో అచ్చువేసిన పుస్తకంలో అలాంటి హద్దులున్నాయి. కోషీ ఆ ప్రశ్నను తిరగేశాడు. దోషం ముందే ఇస్తారు, దానికి సరిపడే హద్దును మనం వెతకాలి. 1821 నాటి పాఠ్యగ్రంథంలో ఆయన అవధిని మాటల్లోనే నిర్వచించాడు. 1823 పాఠాల్లో ఒక నిరూపణలో δ, ε అక్షరాలు కనిపిస్తాయి. ప్రాగ్‌లో బోల్జానో 1817లోనే అవిచ్ఛిన్నతకు దాదాపు ఇదే అర్థం చెప్పాడు గానీ, అది చాలాకాలం ఎక్కువమంది కంటపడలేదు. తేడా ε కంటే తక్కువయ్యేలా δ అనే హద్దును నిర్ణయించగలగాలి అన్న రూపం 1861లో బెర్లిన్‌లో వయ్యర్‌స్ట్రాస్ చెప్పిన పాఠాల నోట్సులో స్పష్టంగా ఉంది.

ఇప్పుడు మన వెల లెక్కకే నిరూపణ రాద్దాం. ముందు రఫ్‌లో:

|f(x) − f(8)| = |9000x + 500 − 72500| = 9000|x − 8|

మజూరీ 500 తీసివేతలో ఎగిరిపోయింది. మిగిలిన 9000|x − 8| ఎప్సిలాన్ కంటే తక్కువ కావాలంటే |x − 8| < ε/9000 కావాలి. డెల్టా దొరికింది. రఫ్ పని ఇక్కడితో సరి, కానీ ఇది ఇంకా నిరూపణ కాదు. ఫెయిర్‌లో దారి ఎదురు తిరగాలి. ε > 0 ఏదైనా ఇవ్వండి. δ = ε/9000 తీసుకుంటాం, అది కూడా ధనసంఖ్యే. |x − 8| < δ అయితే |f(x) − f(8)| = 9000|x − 8| < 9000δ = ε. అయిపోయింది.

జమ్మలమడుగులోనైనా పులివెందులలోనైనా ఇంటర్ మొదటి సంవత్సరంలో అవధులు చదివిన పిల్లలు నిరూపణ రాయమంటే ఎక్కడ తడబడతారో ఊహించడం కష్టం కాదు. కొందరు రఫ్‌నే ఫెయిర్‌గా రాసి, నిరూపించాల్సినదాన్ని మొదటి వాక్యంలోనే ఒప్పేసుకుంటారు. కొందరు భాగించాల్సిన చోట హెచ్చించి δ = 9000ε అంటారు. దాన్ని పట్టుకోవడం సులువు, ε = 9 పెట్టి చూస్తే చాలు. తూకంలో 81,000 గ్రాముల తేడా ఉన్నా వెలలో తేడా 9 రూపాయలు దాటదనడం ఎంత అర్థరహితమో ఎవరికైనా తెలిసిపోతుంది. వాలు రుణసంఖ్య అయినప్పుడు పరమమూల్యం మరిచిపోతే డెల్టా రుణమవుతుంది. −3x + 7కు δ = ε/3 గానీ ε/(−3) కాదు. వాలు సున్నా అయితే భాగహారమే కుదరదు. అయితే అప్పుడు వెల మారదు కాబట్టి ఏ డెల్టా అయినా పనికొస్తుంది. ఈ సంగతిని నిరూపణలో విడిగా ఒక వాక్యంలో చెప్పాలి.

ఈ సులభమైన నిరూపణ ఇంకొక విషయాన్ని కూడా కప్పిపెడుతుంది. పైన 8కి బదులు 80 పెట్టినా, 800 పెట్టినా డెల్టా ε/9000 గానే ఉంటుంది. x² అలా కాదు. 10 దగ్గర |x² − 100| = |x − 10||x + 10| అవుతుంది. రెండో కారణాంకంలో కూడా x ఉంది కనుక డెల్టాను నేరుగా రాయలేం. ముందు |x − 10| < 1 అని కట్టుబడితే x + 10 విలువ 21 దాటదు, అప్పుడు δగా 1, ε/21 రెంటిలో చిన్నది తీసుకుంటాం. 1000 దగ్గర అదే పద్ధతిలో 21 స్థానంలో 2001 వస్తుంది. అంటే బిందువు మారితే డెల్టా మారుతోంది.

పందొమ్మిదో శతాబ్దంలో పెద్దవాళ్లు పొరపడింది సరిగ్గా ఇలాంటి చోటే. అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే దాని మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని కోషీ 1821లో రాశాడు. 1826లో ఆబెల్ సైన్‌ల శ్రేణి ఒకటి చూపి, అది నిలవదన్నాడు. ఆ శ్రేణిలో ఇచ్చిన దోషానికి కావలసిన పదాల సంఖ్య x మారేకొద్దీ మారుతుంది, అన్ని xలకూ కలిపి ఒక్క సంఖ్య చాలదు. అన్ని బిందువులకూ ఒకే హద్దు సరిపోవడాన్ని, ప్రతి బిందువుకూ వేరే హద్దు కావడాన్ని విడదీసి చూడడం తర్వాతి తరాల పని అయింది. ప్రమేయాల అవిచ్ఛిన్నతలో ఆ భేదాన్ని హైనే 1870, 1872 వ్యాసాల్లో అచ్చులో పెట్టాడు. కేవలం రేఖీయ ప్రమేయాల మీద సాధన చేసినవారికి ఈ రెండిటి తేడా ఎప్పటికీ ఎదురుపడదు. అందుకే వాలు mకు δ = ε/|m| రాగానే ఆగిపోకుండా, వెంటనే x² ఇచ్చి, డెల్టాలోకి బిందువు a ఎలా దూరుతుందో పిల్లలచేత రాయించాలి.