లాయల్టీ కార్డు (సెలూన్లు, బ్యూటీ పార్లర్లు)

ఖాతాదారు వచ్చిన ప్రతిసారీ ఒక గడిలో ముద్ర వేసి, గడులన్నీ నిండాక ఒక సేవను ఉచితంగా ఇచ్చే పద్ధతి. ధర తగ్గించకుండానే మనిషిని మళ్లీ రప్పించడం దీని ఉద్దేశం.

లెక్క ఇలా ఉంటుంది. 500 రూపాయల సేవకు 10 శాతం తగ్గిస్తే ఎనిమిది రాకల్లో 400 రూపాయలు చేజారతాయి. దాని బదులు ఎనిమిదో ముద్రకు 400 రూపాయల హెడ్ మసాజ్ ఇస్తే, నూనెకు, తువ్వాలుకు అయ్యేది 60 రూపాయలనుకుందాం. రద్దీ లేని మంగళ, బుధవారాల్లోనే ఇస్తే పనివారి సమయానికీ నష్టం ఉండదు. ఆదివారం ఇస్తే మాత్రం డబ్బిచ్చే మనిషి కుర్చీ పోతుంది.

కార్డు ఖాళీగా ఇవ్వకూడదు. జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రేజ్ 2006లో ప్రచురించిన పరిశోధనలో ఒక కార్ వాష్ కేంద్రం కొందరికి ఎనిమిది ఖాళీ గడుల కార్డు, మరికొందరికి రెండు ముద్రలు ముందే వేసిన పది గడుల కార్డు ఇచ్చింది. రెండు గుంపులకూ మిగిలినవి ఎనిమిదే. అయినా పూర్తి చేసినవారు మొదటి గుంపులో 19 శాతం, రెండో గుంపులో 34 శాతం.

పథకం పనిచేస్తోందా అన్నది పంచిన కార్డుల సంఖ్య చెప్పదు. రాకల మధ్య ఎడం చూడాలి. ఆరు వారాలకోసారి వచ్చే మనిషి అయిదు వారాలకే వస్తే ఫలితం ఉన్నట్టు. ఎడం మారకపోతే, ఎలాగూ వచ్చేవారికే కానుక పోతోంది.